శుభలేఖలో “తెల్లవారితే”

నల్లగొండ ప్రాంతపు శుభలేఖలు అచ్చుకు వెళ్ళేముందు నాకు చూపిస్తే, మొదట ముహూర్తపు పంక్తినే చదువుతాను. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. క్యాలెండరు తేదీ అర్ధరాత్రికే మారుతుంది. లగ్నం 14వ తేదీ శనివారం రాత్రి గడిచాక 2.40కి ఉందనుకుందాం. “15, ఆదివారం 2.40” అని అచ్చువేస్తే పెద్దలు ఆదివారం మధ్యాహ్నం వస్తారు, అప్పటికి తలంబ్రాలు కూడా ముగిసి ఉంటాయి.

“14వ తేదీ శనివారం రాత్రి 2.40 గంటలకు (తెల్లవారితే 15, ఆదివారం)” అని వ్రాయాలి. అది జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. అక్షతలు వేయవలసిన పెద్దలు అంతకు ముందే మండపంలో ఉండాలి. అందుకే “సపరివారంగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదింప ప్రార్థన” అనే వాక్యాన్ని ముహూర్తం వెంటనే ఉంచి, విందు వేళను విడిగా క్రింద వ్రాయిస్తాను.