వెయ్యి పూతరేకుల బేరం

రావులపాలెం దాటి ఆత్రేయపురం వైపు వెళ్తుంటే రోడ్డుకి అటూ ఇటూ పూతరేకుల బోర్డులే. 2023లో ఈ ఊరి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్డుల వెనక మాత్రం పాత పనే. జయ బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పల్చగా కలిపిన పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్క వేటున లాగుతారు. కుండ కింద కొబ్బరాకు మంట. లాగిన రేకు కాగితంలా లేస్తుంది. దాంట్లో నెయ్యి, బెల్లం తురుము వేసి మడిచి చుట్టడం మరో చేతి పని. నిజానికి ఈ వ్యాపారంలో అమ్మేది బెల్లమూ కాదు, నెయ్యీ కాదు. ఆ చేతులు పనిచేసే గంటలు. ఎవరికి సరుకివ్వడం మానాలో తేల్చుకోవాలంటే లెక్క అక్కడినుంచే మొదలుపెట్టాలి.

ఇంట్లోనే పూతరేకులు చేయించి అమ్మే ఒకావిడను ఊహించుకోండి. చుట్టడానికి ఇద్దరు మనుషులున్నారు. ముగ్గురు ఖాతాదారులున్నారు. హైవే మీద స్వీట్ల కొట్టాయన రోజుకి వంద తీసుకుంటాడు, వారం తిరిగేసరికి డబ్బు చేతిలో పెడతాడు, పెద్దగా మాట్లాడడు. హైదరాబాదు నుంచి ఫోన్ చేసే ఒకావిడ పది పూతరేకులు పార్శిల్ వేయించుకుంటుంది, ఒక్కటి విరిగినా ఫొటో తీసి పంపిస్తుంది. మూడో ఆయన అమలాపురం క్యాటరింగ్ మేస్త్రి. పెళ్లి ఉందంటే వెయ్యి కావాలంటాడు. ఈ ముగ్గురిలో ఎవరిని వదిలించుకోవాలని అడిగితే ఆవిడ హైదరాబాదు మనిషినే చూపిస్తుంది. ఎందుకంటే చిరాకు పెట్టేది ఆవిడే.

చిరాకు వేరు, నష్టం వేరు. హైదరాబాదావిడ సంగతి ఒక్క మాటతో తేలిపోతుంది: ముప్ఫైకి తక్కువైతే పార్శిల్ వేయం, గట్టి పెట్టె ఖర్చు మీదే. ఒప్పుకుంటే ఆవిడ మంచి ఖాతా. లేదంటే తనే మానేస్తుంది. అసలు చూడాల్సింది మేస్త్రిగారిని. ఆయన పెద్ద బేరం, మర్యాదస్తుడు, పదిమందికి తెలిసిన మనిషి. ఇలాంటివాళ్ల వల్ల వచ్చే నష్టమే కంటికి ఆనదు.

ఒక్క ఆర్డరు లెక్క వేసి చూద్దాం. అంకెలు సులువుగా ఉండేలా పెట్టుకున్నవి, మీ ఇంటి ధరలు వేరే ఉంటాయి. ఇంటి దగ్గర పూతరేకు ఇరవై రూపాయలకు అమ్ముతుంది అనుకుందాం. రేకు, నెయ్యి, బెల్లం, కాగితం కలిపి ఖర్చు పదకొండు. ‘వెయ్యి కదమ్మా’ అని మేస్త్రి పదిహేడుకి బేరం కుదిర్చాడు. అంటే 17,000. సరుకు ఖర్చు 11,000 పోతే 6,000 మిగలాలి. గంటకి ఒక మనిషి యాభై చుట్టినా వెయ్యికి ఇరవై గంటలు. గంటకి అరవై కూలి చొప్పున 1,200. ఇంకా 4,800 ఉన్నాయి. ఆవిడ నోట్లో ఉండేది ఈ లెక్కే, దీంతోనే సంతోషపడి ఊరుకుంటుంది.

ఇప్పుడు జరిగిన కథ. పెళ్లికి ముందురోజు సాయంత్రం ఫోన్ వచ్చింది, ఎనిమిది వందలు చాలట. చుట్టేసిన రెండు వందలు పక్క కొట్టుకి పన్నెండుకి వదిలించింది. మొత్తం రాబడి 17,000 కాస్తా 16,000 అయింది. ముహూర్తం ముందుకు జరిగిందని రాత్రి పని చేయించాల్సి వచ్చింది, దానికి 600 అదనం. సరుకు కల్యాణమండపం దాకా చేర్చమన్నాడు, ఆటోకి 700. ఆటో ఎవరిదని ముందు అనుకోలేదు కాబట్టి ఆవిడదే అయింది. డబ్బు మూడు నెలలకి వచ్చింది. నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున 13,600 మీద 816. ఆ ఇచ్చేటప్పుడు కూడా ‘చిల్లర ఎందుకు’ అని 13,000 చేతిలో పెట్టాడు, అక్కడ 600 పోయాయి. అన్నీ తీసేస్తే మిగిలింది 1,084 రూపాయలు.

ఇక్కడ చాలామంది ‘నష్టమైతే లేదు కదా’ అంటారు. నిజమే, లేదు. అందుకే ఇలాంటి ఖాతా ఏళ్ల తరబడి నడుస్తుంది. కానీ ఆవిడ సొంత గంటలు ఇంకా రాయలేదు. ఫోన్లు, రేటు దగ్గర గీసి గీసి మాట్లాడటం, మండపానికి వెళ్లిరావడం, బాకీ కోసం మూడుసార్లు అమలాపురం తిరగడం, అన్నీ కలిపితే పన్నెండు గంటలు. 1,084ని పన్నెండుతో భాగిస్తే గంటకి తొంభై. హైవే కొట్టాయన పద్దెనిమిదికి తీసుకుంటాడు. పదిరోజుల్లో అవే వెయ్యి. సరుకు, కూలి, చేరవేసే ఖర్చు మూడు వందలు పోను 5,500 మిగులుతాయి. ఆవిడకి పట్టే సమయం రోజుకి పావుగంట, మొత్తం రెండున్నర గంటలు. గంటకి 2,200. ఆయన పేరు ఆవిడ నోట ఎప్పుడూ రాదు, పాపం. ఇబ్బంది పెట్టని ఖాతాదారు గుర్తుండడు.

ఇంతటితో మేస్త్రిని మానిపించేయమని నేను అనను. తొందరపడితే పొరపాటు జరిగేది ఇక్కడే. మానిపిస్తే ఖాళీ అయ్యే ఇరవై గంటలు ఏమవుతాయో ముందు అడగాలి. పెళ్లిళ్ల రోజుల్లో వీధిలోకి వచ్చే జనానికి సరుకు చాలదు. అదే వెయ్యి ఇరవైకి ఇంటి దగ్గరే పోతే, కూలి పోను 7,800 మిగులుతాయి. అంటే ఆ వారం మేస్త్రి మిగిల్చింది 1,084 కాదు, తీసుకుపోయింది 6,716. అదే మూఢం రోజుల్లో, చుట్టే మనుషులు ఖాళీగా కూర్చున్నప్పుడు, ఆయన ఆర్డరు మీద మిగిలే 1,084 కూడా డబ్బే. మానిపించినంతమాత్రాన ఇంటి అద్దె, కుండల ఖర్చు తగ్గవు. ఎవరు బరువో తేల్చేది ఆ మనిషి ఒక్కడే కాదు, కాలం కూడా.

ఈ లెక్క నోటితో జరగదు, ఒక పుస్తకం కావాలి. నెలరోజులు ప్రతి ఆర్డరు పక్కన నాలుగే సంగతులు రాయండి: ఎన్నిసార్లు ఫోన్, ఎన్నిసార్లు మార్పు, విడిగా చేతి నుంచి పోయిన డబ్బు, డబ్బు ముట్టిన తేదీ. ఒక్క చెడ్డ ఆర్డరు చూసి తీర్పు చెప్పొద్దు, కనీసం మూడు చూడాలి. పెళ్లింట్లో ఎవరో పోతే ముహూర్తం మారుతుంది, అది మేస్త్రి తప్పు కాదు. మూడింట్లోనూ ముందురోజు సాయంత్రమే అంకె తగ్గిందంటే మాత్రం అది అలవాటు. అదే పుస్తకంలో కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ ‘ఎవరు చెప్పారండీ’ అని అడిగి రాయండి. ‘నా వల్ల నీకు పదిమంది వస్తున్నారు’ అనే మాట ఎంత నిజమో అక్కడ తేలిపోతుంది. నిజంగానే పదిమంది వస్తుంటే లెక్క మారుతుంది, ఆయన్ని వదలకూడదు.

చెప్పడం మరో విద్య. 2007లో అమెరికాలో స్ప్రింట్ అనే ఫోన్ కంపెనీ, కస్టమర్ కేర్‌కి అదే పనిగా ఫోన్లు చేస్తున్నారని వెయ్యిమంది దాకా ఖాతాదారులకు ఉత్తరాలు పంపి సేవ ఆపేసింది. గట్టి విమర్శలే వచ్చాయి. కానీ ఆ ఉత్తరంలో ఒక మంచి పని ఉంది: ఒప్పందం మధ్యలో ముగించినందుకు వేసే రుసుం, బాకీ ఉన్న ఆఖరి బిల్లు రెండూ వదిలేసింది. లెక్క తెంపి వీడ్కోలు చెప్పింది. మన దగ్గర ఉత్తరం కుదరదు. వచ్చే ఆదివారం ఎవరింటి పెళ్లిలోనో ఆ మేస్త్రి ఎదురుపడతాడు, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి భోజనం పెట్టిస్తాడు. మొహమాటమే ఇక్కడ అసలు ఖర్చు. అందుకే మనిషిని మానిపించకండి, షరతులు మార్చండి.

షరతులు నాలుగు చాలు. ఆర్డరు చెప్పినప్పుడే సగం డబ్బు. మూడు రోజుల ముందు చెప్పిన అంకె ఖాయం, తర్వాత తగ్గినా మొత్తానికి డబ్బు. బండి మీదే. మిగతా సగం బండి కదిలే ముందు. ఇవి అందరికీ ఒకటే అయి ఉండాలి, లేకపోతే రెండు రోజుల్లో ఊరంతా తెలుస్తుంది. చేతిలో ఉన్న ఆర్డరు మధ్యలో చెప్పకూడదు, ముహూర్తాలు మొదలవకముందే చెప్పాలి.

“చెల్లెమ్మా, ఇన్నేళ్లుగా నీ దగ్గరే కదా తీసుకుంటున్నాను. మన మధ్య అడ్వాన్సులేంటి?”

“అవునన్నయ్యగారూ, అందుకే అందరికంటే ముందు మీకే చెబుతున్నాను. మాఘమాసం నుంచి ఎవరికైనా ఇంతేనండీ.”

అక్కడితో ఆగాలి. నెయ్యి ధర పెరిగిందని, మనుషులు దొరకడం లేదని కారణాలు చెప్పడం మొదలుపెడితే ప్రతి కారణానికీ ఆయన దగ్గర జవాబుంటుంది. పాతికేళ్లుగా పెళ్లివారితో బేరాలాడిన మనిషి ఆయన, గెలవడం కష్టం.

ఇంకో చిక్కుంది. చాలామంది ఇలాంటి ఖాతాదారును వదలలేకపోయేది ఆదాయం కోసం కాదు, ఇరుక్కున్న పాత బాకీ కోసం. ‘ఇప్పుడు కాదంటే పాతది ఎగ్గొడతాడు’ అనే భయంతో మళ్లీ సరుకు ఇస్తారు, బాకీ పెరుగుతుంది, భయమూ పెరుగుతుంది. ఆ రెండింటినీ వేరు చేయాలి. పాత బాకీ ఒక కాగితం మీద రాసి, నెలకింత అని ఒప్పించుకోండి. కొత్త ఆర్డరుకి కొత్త షరతే. పాతదాంట్లో కొంత వదులుకోవాల్సి వచ్చినా, దాన్ని వసూలు చేయడానికి కొత్త సరుకు పోయకండి.

ఒక్క సందర్భంలో మాత్రం నిదానించాలి. మీ అమ్మకంలో సగం ఒక్క మనిషిదే అయితే, ఆయన ఎంత బరువైనా ఈ సీజనులో తెంచుకోకూడదు. ముందు హైవే కొట్టాయన లాంటివాళ్లు ఇంకో ఇద్దరు కావాలి. ఆ కొట్టాయన ఇంకా ఎన్ని తీసుకోగలడో, రావులపాలెంలో అలాంటి కొట్లు ఇంకెన్ని ఉన్నాయో ఆవిడ ఎప్పుడూ అడగలేదు. బాకీ కోసం అమలాపురం తిరిగిన మూడు పూటల్లో ఒక పూట అటు వెళ్లొచ్చు.

అన్నయ్యగారు ఏమంటారో తెలియదు. వారం రోజులు ఫోన్ రాకపోవచ్చు. తర్వాత మూఢంలో ఏ ఇంటి వ్రతానికో, ‘చెల్లెమ్మా, మూడు వందలు కావాలి, సగం ఇప్పుడే పంపిస్తున్నా’ అని రావచ్చు. వస్తే ఇవ్వండి. పుస్తకంలో ఆయన పేరు కింద గీత గీసి, కొత్త పేజీలో మొదటినుంచీ రాయండి.