సీసా మీద క్యాప్షన్ వేయించే ముందు

పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లంతా ఇప్పుడు సీసా మీద ఓ క్యాప్షన్ కూడా వేయిస్తున్నారు. మా పక్కింటి వదిన తన ఆవకాయకి "కారం మంచిదే" అనుకుంది. అది పాత క్యాప్షన్ దేనికైనా దగ్గరగా ఉందేమో ఎలా చూడాలో చెప్తాను, పైసా ఖర్చు లేదు.

1. క్యాప్షన్‌ని పైకి గట్టిగా చదవండి. "కారం మంచిదే" అనగానే సర్ఫ్ ఎక్సెల్ వాళ్ల "మరక మంచిదే" గుర్తొచ్చిందా, ఇక అక్కడే ఆగాలి.

2. ఇంటికొచ్చిన వాళ్లకి ఒక్కసారి చెప్పి, గంటయ్యాక "ఏం గుర్తుంది?" అని అడగండి. కోర్టువాళ్లు కూడా రెండూ పక్కపక్కన పెట్టి కొలవరు, మామూలు కొనుగోలుదారు మసక జ్ఞాపకంలో తికమక పడతాడా అనే చూస్తారు.

3. గూగుల్‌లో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి: "కారం మంచిదే", తర్వాత "karam manchide". ఆ తర్వాత "* మంచిదే" అని కొట్టండి, మొదటి మాట మారిన పోలికలు కూడా పైకొస్తాయి.

4. ipindia.gov.in లో ట్రేడ్‌మార్క్‌ల Public Search ఉచితమే. Wordmark లో ఇంగ్లీషు అక్షరాలతో manchi, manchide అని, karam, kaaram అని రకరకాలుగా కొట్టి చూడండి. ఒకసారి Contains తో, ఇంకోసారి Phonetic తో వెతికితే స్పెల్లింగ్ తేడాల వెనక దాక్కున్నవి దొరుకుతాయి.

5. క్లాస్ నంబరు అడుగుతుంది. పచ్చళ్లకి 29, మసాలా పొడులకి 30. కానీ అంతటితో సరిపెట్టుకోకండి, పోలిక తగిలిన సరుకు క్లాస్ కూడా చూడండి (డిటర్జెంట్లకి 3). "మాది పచ్చడి, వాళ్లది సబ్బుపొడి" అన్న వాదన బాగా పేరున్న మార్కుల దగ్గర నిలవకపోవచ్చు, వాటికి వేరే సరుకుల మీదా రక్షణ ఉంటుంది.

6. అక్కడ ఏమీ దొరకలేదని సంబరపడొద్దు. రిజిస్టర్ చేయకుండా ఏళ్లుగా వాడుతున్నవాళ్లు కూడా కేసు వేయొచ్చు. యూట్యూబ్‌లో పాత ప్రకటనలు, ఊళ్లో మిగతా పచ్చళ్ల సీసాలు ఓ చూపు చూడండి. సినిమా పాటలో మాట అయితే అసలు ముట్టుకోవద్దు, ఆ తలనొప్పి వేరు.

7. పోలిక తగిలితే "కారం చాలా మంచిదే" అని ఓ మాట ఇరికిస్తే లాభం లేదు. చెడ్డదనుకునేదాన్ని మంచిదే అనడం, అదీ వాళ్ల బాణీ. బాణీయే మార్చాలి. వదిన చివరికి "ముద్దకో ముక్క" అంది, దాన్నీ మళ్లీ మొదటి నుంచి వెతికించాను.

8. "అమ్మ చేతి రుచి" లాంటివి అందరూ వాడేవే. ఎవరూ గొడవకి రారనుకోవచ్చు గానీ, మీ ఒక్కరి పేరున రిజిస్టర్ అవడం కష్టం. ఆన్‌లైన్ దరఖాస్తుకి వ్యక్తులకి క్లాసుకి 4,500 రూపాయలు, తిరస్కరించినా వెనక్కి రాదు.