వీధిచిత్రంలో తెలుగు బోర్డు

ఒక కళాశాల వార్షిక సంచికకు ముఖచిత్రం తయారవుతున్నదని అనుకొందాం. దానిలో ద్రాక్షారామం గుడివీధి కనబడాలి. ఆకాశం ఒక ఛాయాచిత్రం నుండి, భీమేశ్వరాలయ గోపురం మరొకదాని నుండి, ముందున్న దుకాణాల వరుస వేరొక ఊరిలో తీసిన మూడవదాని నుండి వచ్చాయి. ఇలా వేర్వేరు చిత్రాల ముక్కలను ఒకే దృశ్యంగా కూర్చడాన్ని కంపోజిటింగ్ అంటారు. నీడలు కలిశాయి, రంగులు కుదిరాయి. కాని దుకాణం మీది బోర్డు పై ఊరిపేరు వేరు. దానిని చెరిపి ఆ స్థానంలో రెండు వరుసలు వ్రాయాలి. పై వరుసలో ‘శ్రీ భీమేశ్వర బుక్‌స్టాల్’, క్రింది వరుసలో ‘ద్రాక్షారామం’. పని ఇంతవరకు సాఫీగా సాగినా, చాలా చిత్రాలు చెడిపోయేది ఇక్కడే. బోర్డు మీద తెలుగు లిపి ఉన్నట్లే ఉంటుంది, చదవబోతే మాత్రం ‘ద్‌రాక్‌షారామం’ వంటి వింత రూపం ఎదురవుతుంది.

ఈ చెదురుబాటుకు కారణం తెలియాలంటే కంప్యూటరు తెలుగును ఎట్లా దాచుకొంటుందో చూడాలి. ద్రాక్షారామం అనే మాటలో కంటికి నాలుగే అక్షరాలు కనబడతాయి: ద్రా, క్షా, రా, మం. యూనికోడ్ పద్ధతిలో మాత్రం అవి పన్నెండు సంకేతాలు. ‘ద్రా’ ఒక్కటే ద, పొల్లు, ర, దీర్ఘం అనే నాలుగు సంకేతాల వరుస. అంటే కంప్యూటరులో ఒత్తు అనే అక్షరం విడిగా ఉండదు. ఒక హల్లు తరువాత పొల్లు, దాని తరువాత మరొక హల్లు వస్తే, ఆ రెండవ హల్లును ఒత్తుగా మార్చి మొదటిదాని క్రిందనో ప్రక్కనో అమర్చవలసిన బాధ్యత అక్షరాలను పేర్చే సాఫ్ట్‌వేరుది. ఈ పనిని షేపింగ్ అంటారు. అది చేయగల సాఫ్ట్‌వేరు, దానికి కావలసిన నియమాలను తనలో ఉంచుకొన్న ఫాంటు, ఈ రెండూ కలిస్తేనే ‘ద్రా’ పుడుతుంది. వీటిలో ఒకటి లోపించినా సంకేతాలు వచ్చిన వరుసలోనే ఒకదాని ప్రక్కన ఒకటి నిలబడతాయి. పొల్లు పొల్లుగానే మిగిలిపోతుంది. ఫాంటులో తెలుగే లేకపోతే ఆ పొల్లూ ఉండదు, ఖాళీ గడులు కనబడతాయి.

ఇది వట్టి బొమ్మలు పేర్చే పని కాదు, లెక్క కట్టే పని. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో జరిగిన సంగతి దీనికి నిదర్శనం. ‘జ్ఞా’ అనే అక్షరపు సంకేతాల నడుమ కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చేరిన సందేశం వస్తే, దానిని చూపబోయిన యాప్‌లు మూతపడిపోయాయి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే iOS 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. ఆ గుర్తు మన బోర్డులోనూ ఉన్నది. దాని ప్రస్తావన ముందు వస్తుంది.

బోర్డు వ్రాతకు మరొక చిక్కు మన డి.టి.పి. కేంద్రాల నుండి వస్తుంది. ఫ్లెక్సీలు, శుభలేఖలు తయారు చేసేచోట అను ఫాంట్లు చిరకాలంగా వాడుకలో ఉన్నాయి. అవి యూనికోడ్‌కు చెందినవి కావు. ఇంగ్లీషు అక్షరాలకూ ఇతర గుర్తులకూ కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను నింపుకొన్న ఫాంట్లు అవి. అక్కడి నుండి తెచ్చిన వ్రాతను ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు మాయమై, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా దర్శనమిస్తాయి. వ్రాత చెడిపోయిందని కంగారు పడనక్కరలేదు. దానిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా ఆ కేంద్రంలోనే అక్షరాలను గీతలుగా మార్పించి తెచ్చుకోవాలి. చిన్న బోర్డుకైతే యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసుకోవడమే సులభం.

కాబట్టి వ్రాతను చిత్రం మీద నేరుగా టైపు చేయకూడదు. మొదట వేరొక ఖాళీ పత్రంలో అక్షరాలను సిద్ధం చేసుకోవాలి. ఇంక్‌స్కేప్, గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు తెలుగు షేపింగును చక్కగా చేస్తాయి. ఫోటోషాప్ పాత సంచికలలో Preferences క్రింద ఉన్న Type విభాగంలో Middle Eastern and South Asian అనే ఎంపికను గుర్తు పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయి. మరీ పాత సంచికలకు ఆ వసతే లేదు. ఫాంటు విషయంలో దుకాణపు బోర్డుకు సన్నని పుస్తకపు అక్షరం నప్పదు. రామభద్ర వంటి లావుపాటి శీర్షికాక్షరం నప్పుతుంది. అది స్వేచ్ఛగా వాడుకోదగిన ఫాంటు. సన్నని అక్షరాన్ని సాఫ్ట్‌వేరు చేత బలవంతంగా లావు చేయిస్తే సున్నా లోపలి ఖాళీ, ఒత్తుల మెలికలు పూడుకుపోతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచడం కూడా ప్రమాదమే. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తు తన హల్లును విడిచి దూరంగా జరుగుతుంది.

ఇప్పుడు ‘బుక్‌స్టాల్’ను చూడాలి. దీనిని మామూలుగా టైపు చేస్తే ‘బుక్స్టాల్’ అవుతుంది. కంప్యూటరు తప్పు చేయలేదు. క తరువాత పొల్లు, ఆ తరువాత స వచ్చింది గనుక సంయుక్తాక్షరాన్ని కట్టింది. అన్యదేశ్య పదాలలో మనం మాటను అక్కడ విరిచి పలుకుతామని దానికి తెలియదు. క్ దగ్గర ఆగాలని చెప్పడానికి U+200C అనే సంకేతం ఉన్నది. ఇందాక చెప్పిన కనబడని విడదీత గుర్తు ఇదే. ఇంక్‌స్కేప్‌లో టైపు చేస్తూ Ctrl+U నొక్కి, 200c అని కొట్టి, Enter నొక్కితే అది చేరుతుంది. కనబడదు గనుక ఒక సాఫ్ట్‌వేరు నుండి మరొకదానికి నకలు చేసేటప్పుడు జారిపోయినా తెలియదు. ఫలితం చూసినప్పుడే తెలుస్తుంది.

ఆ ఫలితాన్ని పరీక్షించే సులువైన ఉపాయం లెక్కించడం. బోర్డు మీద ఉండవలసిన ఒత్తులు ఐదు: శ్రీలో ర, శ్వలో వ, స్టాలో ట, ద్రాలో ర, క్షాలో ష. ఉండవలసిన పొల్లులు రెండు: క్, ల్. షేపింగ్ జరగకపోతే ఐదు ఒత్తులూ పోయి పొల్లులు ఏడవుతాయి. విడదీత గుర్తు జారిపోతే ఒత్తులు ఆరు, పొల్లు ఒకటే అవుతుంది. మాటను తెలిసిన కన్ను తప్పును దాటిపోగలదు, ఎందుకంటే అది అక్షరాలను చూడదు, మాటను ఊహించుకొంటుంది. లెక్కకు ఆ అలవాటు లేదు.

లెక్క సరిపోయిన తరువాత అక్షరాలను గీతలుగా మార్చాలి. ఇంక్‌స్కేప్‌లో Object to Path, ఫోటోషాప్‌లో Convert to Shape ఈ పని చేస్తాయి. ఆపైన అవి అక్షరాలు కావు, రూపాలు మాత్రమే. ఏ కంప్యూటరులో తెరిచినా, ఫాంటు ఉన్నా లేకపోయినా చెదరవు. అయితే వర్ణదోషాన్ని సవరించే అవకాశం కూడా అంతటితో పోతుంది. అందువల్ల టైపు చేసిన ప్రతిని విడిగా దాచుకోవాలి.

ఇక బోర్డు మీద అతికించడం. ఛాయాచిత్రంలో బోర్డు ఏటవాలుగా ఉంటే దాని పై అంచు, క్రింది అంచు సమాంతరంగా కనబడవు. వాటిని పొడిగిస్తే దూరాన ఒక బిందువు దగ్గర కలుస్తాయి. అక్షరాల వరుసలు కూడా ఆ బిందువు వైపే పోవాలి. అందుకు వ్రాతను బోర్డు ఆకారపు దీర్ఘచతురస్రంలో ఉంచి, ఆ చతురస్రపు నాలుగు మూలలను బోర్డు నాలుగు మూలలకు లాగాలి. అక్షరాలను మాత్రమే పట్టుకొని కంటి అంచనాతో వంచితే అవి బోర్డు మీద వ్రాసినట్లు గాక గాలిలో వ్రేలాడినట్లుంటాయి. దూరపు కొసన అక్షరాలు ఇరుకవుతాయని గుర్తుంచుకోవాలి. మన క్రింది వరుసలో ఆ కొసన ‘మం’ ఉన్నది. దానికి ఒత్తు లేదు గనుక ఇబ్బంది తక్కువ. పై వరుసలో కొసన ఉన్న ‘స్టాల్’కే ప్రమాదం ఎక్కువ.

ఎన్ని జాగ్రత్తలు తీసుకొన్నా దాటరాని హద్దు ఒకటి ఉన్నది. అది పరిమాణం. ముఖచిత్రం వెడల్పు 3000 పిక్సెళ్ళు, అందులో బోర్డు వెడల్పు 600, ఎత్తు 150 అనుకొందాం. అంచులు వదిలితే ఒక్కొక్క వరుసకు దాదాపు 60 పిక్సెళ్ళ ఎత్తు దక్కుతుంది. తెలుగు వరుసకు పైన గుడి, క్రింద ఒత్తు చోటు అడుగుతాయి గనుక అసలు అక్షరానికి మిగిలేది సగం, అంటే 30. ఒత్తుకు 15. అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున అచ్చు వేస్తే ఆ ఒత్తు ఎత్తు ఒకటింబావు మిల్లీమీటరు. మంచి కాగితం మీద అది నిలుస్తుంది, సిరా పీల్చే కాగితం మీద అలుక్కుపోతుంది. అదే చిత్రాన్ని ఫోనులో పంపడానికి 1000 పిక్సెళ్ళకు కుదిస్తే ఒత్తు 5 పిక్సెళ్ళకు వస్తుంది. దానిలోని గీత మందం ఒక పిక్సెలుకు కాస్త ఎక్కువ. ఇక అది ఒత్తు కాదు, మరక. తెలుగులో మొదట చచ్చేది ఒత్తే.

ద్రాక్షారామం విషయంలో ఈ నష్టం మరీ మోసకారి. ‘ద్రా’ క్రిందని రవత్తు మాసిపోతే మిగిలేది ‘దాక్షారామం’. అది అర్థం లేని రూపం కాదు. దక్షునితో ముడిపడిన ఆ పేరు శ్రీనాథుని కవిత్వంలోనే ఉన్నది. చదివినవాడు తప్పును గుర్తించడు సరికదా, చిత్రకారుడు ప్రాచీన రూపాన్ని కోరి వ్రాశాడని కూడా అనుకోవచ్చు. ఆ క్షేత్రంలోని వందల శాసనాలను చెక్కినవారికి ఈ బెంగ లేదు. ఉలి తగిలినచోట రాతిలో ఒత్తు లోతుగా నిలిచింది. ముఖచిత్రకారుడు మాత్రం ముందుగానే తీర్పు చేసుకోవాలి: బోర్డును 900 పిక్సెళ్ళకు పెంచడమా, పై వరుసను తీసివేసి ఊరిపేరు ఒక్కటే పెద్దదిగా వ్రాయడమా. రెండవదే మేలు. వీధిలో అన్ని బోర్డులూ చదవబడనక్కరలేదు, చదవవలసినది ఒక్కటి స్పష్టంగా ఉంటే చాలు.

చివరి పని రంగు. స్వచ్ఛమైన నలుపుతో వ్రాసిన అక్షరం ఎండవేళ తీసిన చిత్రంలో అతికించినట్లే కనబడుతుంది. అదే చిత్రంలో దుకాణపు నీడలో ఉన్న అత్యంత ముదురు రంగును ఎంచుకొని అక్షరాలకు ఇవ్వాలి. పొరను Multiply పద్ధతిలో కలిపితే బోర్డు మీది దుమ్ము, గీతలు అక్షరాలలో నుండి తొంగిచూస్తాయి. చుట్టూ ఉన్న వస్తువుల అంచులు ఎంత మసకగా ఉన్నాయో అక్షరాల అంచులు కూడా అంతే మసకబారాలి, అంతకు మించరాదు. మసక పెంచిన ప్రతిసారీ ఒత్తులను మళ్ళీ లెక్కించాలి. ఆపైన చిత్రాన్ని అచ్చయ్యే పరిమాణానికీ, ఫోనులో కనబడే పరిమాణానికీ కుదించి, ఆ ఊరిపేరు ముందుగా తెలియని వారికి చూపి, బోర్డు మీద ఏమున్నదో చదివించాలి.