చూపులలో తేడాలు

ఇంగ్లీషులో ‘లుక్’ ఒక్కటే నేర్చుకుని ఊరుకుంటే పరీక్ష పాసవుతాం కానీ కథల పుస్తకం చదివేటప్పుడు ఇబ్బంది పడతాం. గ్లాన్స్, గ్లింప్స్, స్టేర్, గేజ్, పీక్ అన్నింటికీ ‘చూచుట’ అని ఒకే అర్థం రాసుకుంటే ఆ రాసినవారి మనసు మనకు అందదు.

ఎక్కువ మంది తికమకపడేది గ్లాన్స్, గ్లింప్స్‌ల దగ్గర. రెండూ క్షణకాలపు చూపులే. కానీ గ్లాన్స్ మనం కావాలని వేసే చూపు. గ్లింప్స్ అంటే ఒక వస్తువు లిప్తపాటు మన కంటపడడం. తెలుగులో ఈ తేడా ముందే ఉంది: చూడడం వేరు, కనబడడం వేరు. “గడియారం వైపు చూసిన కానీ ముల్లు కనబడలేదు” అంటాం కదా! అందుకే గ్లాన్స్ తర్వాత ‘ఎట్’ వస్తుంది. చూపు అటు వెళ్ళిందని మాత్రమే అది చెబుతుంది, కనబడిందో లేదో చెప్పదు. గ్లింప్స్‌కు ‘ఎట్’ అక్కరలేదు, ఎందుకంటే వస్తువు అప్పటికే కంట్లో పడింది. ‘గ్లాన్స్ ఎట్ ఇట్’ అని ఆజ్ఞాపించవచ్చు. ‘గ్లింప్స్ ఇట్’ అని ఎవరూ ఆజ్ఞాపించరు, మనం ఎవరినీ “నీకు కనబడు” అనలేనట్టే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, తెలుగులో “నాకు చర్చి కనబడింది” అన్నప్పుడు కర్త చర్చి. ఇంగ్లీషులో కర్త ‘నేను’ అవుతుంది: ‘ఐ కాట్ ఎ గ్లింప్స్ ఆఫ్ ద చర్చ్’.

నిజాంపేట నుంచి మెదక్‌కు బస్సులో పోతున్నామనుకోండి. డ్రైవర్ అద్దంలోకి ఒకసారి చూస్తాడు, అది గ్లాన్స్. చెట్ల సందులో చర్చి గోపురం ఒక్కసారి మెరిసి మాయమైతే గ్లింప్స్. ముందు సీట్లో చంటిపిల్ల తల్లి కొంగు చాటు నుంచి తొంగి చూస్తే పీక్. పీక్‌లో దొంగతనం కొంత, ఆత్రం కొంత ఉంటాయి. (స్పెల్లింగులో రెండు ‘ఇ’లు. ‘ఇఎ’ రాస్తే కొండ శిఖరమవుతుంది.)

అదే పిల్ల జంకు పోయాక మనల్నే రెప్ప వేయకుండా చూస్తే స్టేర్. మా అమ్మ “గట్ల గుడ్లప్పగించి చూడకురా” అని తిట్టేది దీన్నే. 1924లో పూర్తయిన ఆ చర్చిలో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చూపే రంగుటద్దాల ముందు నిలబడి మైమరచి చూస్తే గేజ్. స్టేర్, గేజ్ రెండింటిలోనూ చూపు ఎంతసేపైనా నిలవవచ్చు. తేడా చూసేవాని మనసులోనే.

అయితే స్టేర్ ప్రతిసారీ మర్యాదలేని చూపు కాదు. రిజల్టు చూసుకుని గోడ వైపు శూన్యంగా చూస్తున్నవాడిదీ స్టేరే. కిటికీలోంచి ‘స్టేర్’ చేస్తున్నాడంటే దిగులో, విసుగో అనుకోవాలి. ‘గేజ్’ చేస్తున్నాడంటే ఏదో ఊహలో ఉన్నాడు. పాఠంలో కిటికీ కనబడినప్పుడు పక్కన ఏ మాట ఉందో చూడండి.