పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయిన రక్తదాతలు

కాలేజీలో ఎన్నెస్సెస్ చూసినన్నాళ్ళూ, రిటైరయ్యాక కూడా, గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా రక్తదాన శిబిరాల్లో బల్ల దగ్గర కూర్చుని ఫారాలు నింపించాను. వయసు గడి దగ్గర నేర్చుకున్నవి ఇవి.

1. పద్దెనిమిది నిండాలి, నడవడం చాలదు

డిగ్రీ, ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లలు ఇక్కడే దొరికిపోతారు. 2006లో పుట్టానండీ, ఇది 2024, పద్దెనిమిది అంటాడు కుర్రాడు. పుట్టింది డిసెంబరులో, శిబిరం ఆగస్టులో. అంటే ఇంకా పదిహేడే. సంవత్సరాలు తీసేసి ఊరుకోకుండా నెల, తేదీ కూడా చూడాలి. కాలేజీ ఐడీ కార్డు మీద పుట్టిన తేదీ లేకపోతే అది ఇందుకు పనికిరాదు. టెన్త్ మార్కుల మెమో, ఆధార్ పనికొస్తాయి. ఫోన్లో ఉన్న మెమో ఫోటో చూపించమంటే నిమిషంలో తేలిపోతుంది. స్నేహితులందరూ ఇస్తున్నారని వయసు పెంచి చెప్పేవాళ్ళు ప్రతి శిబిరంలోనూ ఉంటారు. వాళ్ళ మీద కోప్పడను, పుట్టినరోజు అడిగి రాసుకుని, ఆ తర్వాతి శిబిరానికి రమ్మంటాను.

2. పైన హద్దు ఒకటి కాదు, రెండు

"అరవై దాటితే తీసుకోరు" అని మన జిల్లాల్లో ఇప్పటికీ అంటుంటారు. అది సగమే నిజం. ఇంతకుముందు రక్తం ఇచ్చినవాళ్ళు 65 వరకు ఇవ్వొచ్చు. ఎన్నడూ ఇవ్వనివాళ్ళు మొదలుపెట్టాలంటే 60 దాటకూడదు. 2017లో జాతీయ రక్తమార్పిడి మండలి మార్గదర్శకాల్లో ఇలా ఉంది, 2020 మార్చిలో డ్రగ్స్ నిబంధనల సవరణలో కూడా వచ్చింది.

తేడా ఎందుకు? కళ్ళు తిరిగి పడిపోవడం నిజానికి కుర్రాళ్ళలోనే ఎక్కువ. కానీ కుర్రాడు కాళ్ళు పైకెత్తి పడుకోబెడితే, కాసేపటికి లేచి బిస్కెట్ తింటాడు. అరవై దాటినాయన పడితే తుంటి ఎముక విరగొచ్చు, బయటపడని గుండెజబ్బు అప్పుడే బయటపడొచ్చు. ఏళ్ళ తరబడి ఇస్తున్నవాడి ఒళ్ళు ఎలా తట్టుకుంటుందో తెలిసిందే. మొదటిసారివాడి సంగతి ఎవరికీ తెలియదు.

3. కార్డు మీద జనవరి ఒకటో తారీఖు

ఇది డెల్టా పల్లెల్లో మామూలే. 2024 ఆగస్టులో కోనసీమలో ఒక శిబిరానికి ఒక కొబ్బరి రైతు వచ్చాడు. ఎన్నడూ రక్తం ఇవ్వలేదు. మనిషి దిట్టంగా ఉన్నాడు, బీపీ బాగుంది, రక్తశాతం పదమూడు పైనే. ఆధార్ మీద 01-01-1964. లెక్క వేస్తే అరవై నిండి ఏడు నెలలు దాటాయి. ఆయన ఒప్పుకోలేదు. "మా అమ్మ దీపావళి రెండ్రోజులుందనగా నన్ను కనిందండీ, 96 తుఫానుకి నాకు సరిగ్గా ముప్ఫై రెండు" అన్నాడు. ఆ లెక్క నిజమే. నవంబరు 6 తుఫాను, దీపావళి అంతా సరిపోయింది, ఆయనకింకా యాభై తొమ్మిదే. ఆధార్ తీసేటప్పుడు నెల, తేదీ చెప్పలేనివాళ్ళకి అలా జనవరి ఒకటి వేసేశారు.

డాక్టరమ్మ శాంతంగా విని, "బాబాయ్ గారూ, మీ మాట నేను నమ్ముతాను. కానీ కాగితం మీది తేదీనే ఫారంలో రాయాలి" అంది. పంపించేసింది. ఆయనకి కష్టమనిపించింది, నాకూ అనిపించింది. అయినా ఆమె చేసింది సరైనదే. తేదీ ఒకటి, వయసు ఇంకొకటి రాసిన ఫారం రేపు తనిఖీలో నిలబడదు. పుట్టిన తేదీని ఆధార్‌లో సరిచేయించుకోవాలంటే రుజువు కావాలి, అదీ ఒక్కసారే మారుస్తారు. టెన్త్ మెమో, జనన ధ్రువపత్రం ఉన్నవాళ్ళు యాభై ఐదేళ్ళప్పుడే ఆ పని చూసుకుంటే బాగుంటుంది.

4. దాత కార్డు పారేయకండి

అరవై రెండేళ్ళ మనిషి "నేను పాతవాణ్ణే" అంటే దానికి రుజువేది? ఫారంలో ఇంతకుముందు ఇచ్చారా, చివరిసారి ఎప్పుడు అని అడుగుతారు, మీరు చెప్పినదే రాస్తారు. అనుమానమొస్తే కార్డు చూపమంటారు. రక్తనిధి కేంద్రం రికార్డులు ఐదేళ్ళు దాచాలని నిబంధన. అంటే ఎనభై ఆరు వరదలప్పుడు ఇచ్చానంటే ఏ రిజిస్టరులోనూ దొరకదు. రాజమండ్రిలో ఇచ్చి భీమవరంలో అడిగినా అంతే. తేదీ, కేంద్రం పేరు ఉన్న ఆ చిన్న అట్టముక్క ఆధార్ పక్కనే పెట్టుకుంటే 65 దాకా పనికొస్తుంది.

5. ప్లేట్‌లెట్లకి లెక్క వేరు

డెంగ్యూ రోజుల్లో మిషన్ మీద ప్లేట్‌లెట్లు తీసే పద్ధతికి దాత వయసు 18 నుంచి 60 లోపే. ఎన్నిసార్లు ఇచ్చినవాడైనా సరే. అరవై మూడేళ్ళ పాత దాత మామూలు రక్తం ఇవ్వొచ్చు గానీ అది ఇవ్వడానికి లేదు. కాకినాడ దాకా బస్సెక్కే ముందు ఈ మాట ఫోన్లో అడగండి, దేనికి పిలుస్తున్నారో.