ఒక కట్టలో ఎన్ని గీతలు?

మొన్న 2025 యాసంగి వడ్లు అమ్మిన రోజు రాత్రి మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఇంజనీరింగ్ చదువుతున్నవు కదరా, గీ గీతలు జర లెక్కపెట్టు" అని వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాడు. రూళ్ల నోట్‌బుక్‌లో ఒక పేజీ. దాని నిండా నిలువు గీతలు, నాలుగింటికొక అడ్డగీత. హమాలీలు ఒక్కో బస్తా లారీ ఎక్కిస్తుంటే మా తమ్ముడు పక్కన నిలబడి గీసినవి. కొనుగోలు కేంద్రంలో ఇచ్చిన చిట్టీలో 303 బస్తాలని ఉంది. తమ్ముడేమో 308 అంటాడు.

ఇదేం పెద్ద పని, రెండు నిమిషాల్లో అయిపోతుంది అనుకున్నా. మొదటిసారి లెక్కపెడితే 308 వచ్చింది. రెండోసారి 306. అప్పుడు నిద్ర ఎగిరిపోయింది.

ముందుగా తేల్చుకోవాల్సింది అసలు అడ్డగీత కూడా ఒక బస్తానా, లేక కట్టకు చుట్టిన తాడు మాత్రమేనా అన్నది. మనకు చిన్నప్పుడు బడిలో అడ్డగీత ఐదోది అని నేర్పారు కాబట్టి అందరూ అలాగే గీస్తారనుకుంటాం. కానీ ఐదు నిలువు గీతలు గీసి, కట్ట అయిపోయిందన్న గుర్తుగా అడ్డంగా కొట్టేవాళ్లూ ఉంటారు. ఇక్కడ పొరబడితే తప్పు ఒకటి రెండు బస్తాల్లో ఉండదు, మొత్తం లెక్కలో ఐదో వంతో ఆరో వంతో పోతుంది. ఇది తెలుసుకోవడానికి నిండు కట్టల కంటే పేజీ చివర మిగిలిపోయిన విడి గీతలే ఎక్కువ పనికొస్తాయి. తమ్ముడితో పాత పేజీల ఫొటోలు కూడా పెట్టించా. ఎరువుల బస్తాలు లెక్క రాసిన ఒక పేజీ చివర నాలుగు విడి గీతలు అడ్డగీత లేకుండా నిలబడి ఉన్నాయి. నాలుగైనా కట్ట మూయలేదంటే, మూసేది ఐదోదే. ఐదు విడి గీతలతో ముగిసిన పేజీ ఒక్కటీ లేదు. సో, వాడి అడ్డగీత ఒక బస్తానే.

తర్వాత మొత్తాన్ని ఒకేసారి కూడకుండా, ఒక్కో వరుసలో ఒక్కో కట్ట కింద ఎన్ని నిలువు గీతలున్నాయో రాసుకుంటూ పోయా. నాలుగో వరుస ఇలా వచ్చింది:

```
row4: 4 4 4 3 4 4 4 4 4 4 4
```

ఈ ఒక్క వరుసలోనే రెండు సంగతులు బయటపడ్డాయి. ఇందులో పదకొండు కట్టలున్నాయి. మిగతా ఐదు వరుసల్లో పదేసి ఉన్నాయి, ఏడో వరుసలో మూడు విడి గీతలు. కేంద్రంలో ఎవరో వరుసకు 50 లెక్కన ఆరు వరుసలు 300, పైన మూడు కలిపి 303 అని రాసేసి ఉంటారు. తేడా సరిగ్గా ఐదు ఉందంటే దాదాపుగా ఒక కట్టే తప్పిపోయిందన్నమాట. యాభై వస్తే ఒక వరుసను వెతకాలి. ఒకటో రెండో వస్తే మాత్రం కట్టల లోపలికి దిగాలి.

రెండో సంగతి ఆ 3. ఫొటోలో మొత్తం 61 కట్టలు. 57 సరిగ్గా ఉన్నాయి, మూడింటిలో అడ్డగీత కింద మూడే నిలువు గీతలు, ఒకదానిలో ఐదు. కట్టకు ఐదు చొప్పున వేస్తే 61 కట్టలు 305, విడి గీతలతో 308. గీసిన గీతలే లెక్కవేస్తే మూడు తగ్గి ఒకటి పెరిగి 306. ఇక్కడ నా ఇష్టం వచ్చినట్టు ఒకటి ఎంచుకోకూడదు. గీసేవాడు ఎలా గీశాడో అడగాలి. హమాలీ మేస్త్రీ "ఐదూ" అని కేక వేసినప్పుడు అడ్డగీత కొడితే, లోపల గీత తప్పినా కట్ట విలువ ఐదే. కళ్లతో చూసి కొడితే ఉన్న గీతలే లెక్క.

"కేకలేం లేవన్నా. బస్తా పడంగనే గీత పెట్టిన, నాలుగైనయని అనిపిస్తే అడ్డం కొట్టిన" అన్నాడు తమ్ముడు. ఆ 'అనిపిస్తే'లోనే ఉంది అంతా. అంటే గీతల్నే నమ్మాలి, కట్టల్ని కాదు.

(కేక ఉన్నా వేరే చిక్కు ఉంది. మా నాయనమ్మ కాలంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేవారు కాదు, "లాభం" అని మొదలుపెట్టి తర్వాత రెండు, మూడు అనేవారు. ఆ అలవాటు తెలియనివాడు గీతలు పెడుతుంటే మొదటి గీతే ఎగిరిపోతుంది.)

పొద్దున్నే నోట్‌బుక్‌నే చూడమన్నా. ఆ మూడు పొట్టి కట్టల్లో ఒకటి పేజీ మడత మీద ఉంది. మడత విప్పితే నాలుగో గీత కనిపించింది. మిగతా రెండూ నిజంగానే పొట్టివి. కాబట్టి గీసిన గీతలు 307.

గీత పెట్టకుండానే లారీ ఎక్కిన బస్తా ఉంటే? పేజీని ఎంత చూసినా ఇది తెలియదు, బయటి లెక్క కావాలి. మొదట వే బ్రిడ్జి చిట్టీ తీశాం. లారీ ఖాళీ బరువు పోను 12,450 కిలోలు. బస్తాకు 40 కిలోల వడ్లు, గోనె సంచికి 600 గ్రాములు వేసుకుంటే 12,450ని 40.6తో భాగిస్తే 306.7. వినడానికి బాగుంది గానీ, అక్కడే ఆగితే మోసపోతాం. ఒక్కో బస్తాలో అర కిలో ఎక్కువ పోసి ఉంటే ఇదే బరువుకు 303 బస్తాలు కూడా సరిపోతాయి. అదృష్టం కొద్దీ బాబాయ్ కాంటా మీద పది బస్తాలు కలిపి తూయించి రాసుకున్నాడు, 406 కిలోలు. దాంతో 303 పక్కకు పోయింది. అయినా 306, 307, 308లలో ఏదో బరువు చెప్పలేదు. బస్తాకు వంద గ్రాములు అటూ ఇటూ అయితే మూడొందల బస్తాల మీద ముప్పై కిలోలు, అంటే ముప్పావు బస్తా. బరువుతో పోయిన కట్టను పట్టుకోవచ్చు, పోయిన గీతను పట్టుకోలేం.

దాన్ని పట్టించింది ఖాళీ సంచులు. కేంద్రం నుంచి 350 గోనె సంచులు తెచ్చారు, 41 తిరిగి ఇచ్చారు, చిరిగిన రెండు కల్లంలోనే పడి ఉన్నాయి. 350లోంచి 43 తీసేస్తే 307. గీతలతో ఏ సంబంధమూ లేని లెక్క అదే అంకె ఇచ్చింది.

ఈ కాగితాలన్నీ పట్టుకుపోయి చూపిస్తే చిట్టీ 307కి మార్చారు. నాలుగు బస్తాలంటే 160 కిలోలు. ఆ సీజన్‌లో ఏ గ్రేడ్ మద్దతు ధర క్వింటాకు 2,320 రూపాయలు కాబట్టి 3,712 రూపాయలు.

ఆ తర్వాత తమ్ముడికి గీతలు మాన్పించా. నాలుగు గీతలు పక్కపక్కన ఉంటే ఒకటి తగ్గినా కంటికి ఆనదు. గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ 1977లో వచ్చిన తన పుస్తకంలో వేరే పద్ధతి చూపించాడు. ముందు నలుమూలలా నాలుగు చుక్కలు, తర్వాత వాటిని కలుపుతూ నాలుగు భుజాలు, చివరికి రెండు కర్ణాలు. పది పూర్తయితే అడ్డంగా కొట్టిన పెట్టె వస్తుంది. ప్రతి గుర్తుకూ దాని చోటు ఉంది కాబట్టి ఏది తప్పినా పెట్టె వంకరగా, ఖాళీగా కనిపిస్తుంది. చైనా, జపాన్‌లలో 正 అనే అక్షరాన్ని ఐదు గీతల్లో రాస్తూ లెక్కపెట్టేదీ ఇందుకే పనికొస్తుంది.

వానాకాలం పంటకు తమ్ముడు పెట్టెలే గీశాడు. కానీ లోడింగ్ మధ్యలో చినుకులు పడి, పేజీ మీద చుక్కలేవో, నీటి మరకలేవో తెలియకుండా పోయాయి. పూర్తయిన పెట్టెలకు ఏం కాలేదు, సగంలో ఉన్న ఆఖరి పెట్టె దగ్గరే ఆగిపోయాం. మళ్లీ ఖాళీ సంచులు లెక్కపెట్టాం.