రెటినాల్ పడలేదా? సీసా కొనేముందు సాక్ష్యం అడగండి

రెటినాల్ రాసుకోవడం మొదలుపెట్టిన రెండో వారానికే కొందరికి ముక్కు పక్కన పొట్టు లేస్తుంది, ముఖం కడిగితే చురుక్కుమంటుంది. అలాంటివాళ్లకు ఇప్పుడు బకుచియాల్, పెప్టైడ్ సీరంలు అమ్ముతున్నారు. ముడతలు తగ్గుతాయి, మంట ఉండదు అన్నది ప్రచారం. నమ్మాలా వద్దా అని ఊగిసలాడకండి. ఈ మాట ఏ ప్రయోగం మీద చెబుతున్నారు, ఎంత మోతాదు వాడారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? ఈ మూడూ అడగడం అలవాటు చేసుకుంటే డబ్బు మిగులుతుంది, చర్మమూ మిగులుతుంది.

ముందు బకుచియాల్ సంగతి. ఇది మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే బావంచాల నుంచి తీసిన పదార్థం. రసాయనికంగా రెటినాల్‌కు దీనికీ చుట్టరికం లేదు. దీనికి పేరు తెచ్చిన ప్రయోగం 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చింది. 44 మందిని రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి 0.5 శాతం బకుచియాల్, ఇంకో బృందానికి 0.5 శాతం రెటినాల్ ఇచ్చి 12 వారాలు చూశారు. ముడతలు, నల్లమచ్చలు రెండు బృందాల్లోనూ తగ్గాయి. పొట్టు లేవడం, చురుక్కుమనడం మాత్రం రెటినాల్ వాడినవాళ్లలోనే ఎక్కువ.

ప్రచారం ఇక్కడితో ఆగుతుంది. మీరు ఆగకండి. ఆ ప్రయోగంలో రెటినాల్ రోజుకు ఒకసారే రాశారు, బకుచియాల్ రెండుసార్లు రాశారు. మీ సీసా మీద ‘రాత్రి ఒకసారి’ అని ఉంటే, ప్రయోగంలో వాడిన దానిలో సగమే మీ ముఖానికి అందుతోంది. రెండు పూటలా రాస్తే సీసా రెట్టింపు వేగంతో అయిపోతుంది, ఖర్చు లెక్క వేసుకోండి. పైగా ఏ మందూ కలపని ఉత్తి క్రీమ్ రాసుకున్న మూడో బృందమే అందులో లేదు. అందుకే మేలులో మందు వంతు ఎంత, క్రీమ్ ఇచ్చిన తేమ వంతు ఎంత అన్నది తేలలేదు. 44 మందిలో తేడా కనబడకపోవడం వేరు, రెండూ సమానమని రుజువు కావడం వేరు.

కొనేటప్పుడు పదార్థాల జాబితా చదవండి. ‘బకుచియాల్’ అని విడిగా ఉండాలి. ‘సోరాలియా కోరిలిఫోలియా సీడ్ ఆయిల్’ అని ఉంటే అది బావంచాల నూనె. అందులో సోరాలెన్‌లు ఉండవచ్చు. అవి ఎండ తగిలితే చర్మాన్ని కందిపోయేలా చేస్తాయి. బొల్లికి బావంచాలు వాడటం వెనక ఉన్నది ఈ గుణమే. శుద్ధి చేసిన బకుచియాల్‌లో ఈ బెడద లేదు.

పెప్టైడ్‌ల దగ్గర సాక్ష్యం ఇంకా పలచన. మ్యాట్రిక్సిల్ పేరుతో అమ్మే పెప్టైడ్ మీద 2005లో వచ్చిన ప్రయోగం మెరుగైనదే. 93 మంది ముఖానికి ఒక పక్క పెప్టైడ్ క్రీమ్, రెండో పక్క ఉత్తి క్రీమ్ రాయించారు. సన్నని గీతలు కొంత తగ్గాయి. అయితే దాన్ని చేయించింది సౌందర్య సాధనాల కంపెనీయే. వాడిన మోతాదు పది లక్షల్లో మూడు వంతులు, అంటే 30 గ్రాముల క్రీమ్‌లో ఒక మిల్లీగ్రాములో పదో వంతు కూడా లేదు. మరి సీసా మీద ‘10 శాతం పెప్టైడ్’ అని ఎలా ఉంటుంది? అది చాలాసార్లు పెప్టైడ్ కలిపిన ద్రావణం శాతం. ఆ ద్రావణంలో ఎక్కువ భాగం నీరు, గ్లిజరిన్. పెప్టైడ్ అణువులు చాలావరకు పెద్దవి, చర్మం పైపొర దాటడం వాటికి కష్టం. పెప్టైడ్‌లకు తగిలించే ‘సూది లేని బొటాక్స్’ అనే మాటను నేను అస్సలు నమ్మను. బొటాక్స్ పనిచేసేది సూదితో కండరంలోకి వెళ్లడం వల్లే.

మరేం చేయాలి? ఒక టీచరమ్మ ఉన్నారనుకుందాం. వయసు 38, కళ్ల పక్కన గీతలు, రోజూ రాసిన 1 శాతం రెటినాల్ పడలేదు. ఆమె ముందు రాయడం ఆపి, మంట పూర్తిగా తగ్గేదాకా మాయిశ్చరైజర్ ఒక్కటే వాడాలి. ఆ తర్వాత 0.2 శాతం రెటినాల్‌ను వారానికి రెండు రాత్రులు, మాయిశ్చరైజర్ మీద రాసి చూడాలి. చాలామందికి పడనిది రెటినాల్ కాదు, తొందర. అప్పటికీ మండితే బకుచియాల్‌కు మారాలి. దానికీ అలర్జీ వచ్చినవాళ్లున్నారు, అందుకని వారం రోజులు మోచేతి లోపలివైపు రాసి చూసుకోవాలి. కొత్తది ఒక్కటే మొదలుపెట్టాలి. ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు ఫొటో తీసుకుని 12 వారాల తర్వాత పోల్చుకోవాలి. తేడా లేకపోతే రెండో సీసా కొననక్కర్లేదు. ఏది వాడినా పగలు సన్‌స్క్రీన్ మానకూడదు.

నా తీర్పు ఇదీ: రెటినాల్ పడితే దాన్నే కొనసాగించండి. పడకపోతే బకుచియాల్ ప్రయత్నించదగ్గదే. పెప్టైడ్ సీరంను మంచి మాయిశ్చరైజర్ ధరకు దొరికితేనే కొనండి. గర్భిణులు రెటినాల్ మానాలి. వాళ్లకు బకుచియాల్ క్షేమమని అమ్ముతున్నా, గర్భిణుల మీద సరైన పరీక్షలు జరగలేదు కాబట్టి డాక్టరును అడిగాకే ముట్టుకోండి.